రిమోట్ వర్క్ పాలసీని టీమ్ లీడ్‌ల కోసం రెండు పేజీల్లోకి కుదించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక ఐటీ సేవల సంస్థలో ఆపరేషన్స్ పని చూస్తాను. మా రిమోట్ వర్క్ పాలసీ 19 పేజీలు. అది మారినప్పుడల్లా టీమ్ లీడ్‌ల కోసం రెండు పేజీల సారాంశం రాసే పని నాకు పడుతుంది. ఇప్పుడు వేరే విభాగాల వాళ్లు కూడా తమ సారాంశాలు తామే రాసుకుంటున్నారు. వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ మళ్లీ అవే అనుమానాలు వస్తుంటే అన్నిటినీ ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు. ఇందులో చెప్పిన రోజులు, పరిమితులు మా పాలసీవి. మీ పాలసీలో వేరేగా ఉంటాయి, అవే రాసుకోండి.

## మొదలుపెట్టే ముందు

పంతొమ్మిది పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మొదటి పేజీ నుంచి మాత్రం కాదు. ముందు నిర్వచనాల భాగం, తర్వాత చివర్లో ఉండే అనుబంధాలు చదవండి. మా పాలసీలో "ఉద్యోగి" అన్న మాటకు నిర్వచనం రెండో పేజీలో ఉంది. దాని ప్రకారం ట్రైనీలు, కాంట్రాక్ట్ ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు ఉద్యోగులు కారు. ఈ సంగతి తెలియకుండా ఏడో పేజీలో "ఉద్యోగులందరూ" అని చదివితే టీమ్ మొత్తానికీ వర్తిస్తుందనే అనిపిస్తుంది.

ఆ తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది లీడ్‌కి నాలుగింటిలో ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూడండి. ఎవరికి అనుమతి ఉంది? ఏ పరికరంతో పనిచేయాలి? ఎప్పుడు, ఎవరికి చెప్పాలి? నియమాన్ని ఎవరు సడలించగలరు? అర్హత, పరికరాలు, రిపోర్టింగ్, మినహాయింపులు అన్నవాటికి పక్కన అ, ప, రి, మి అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాను. ఏ గుర్తూ పడని వాక్యాలు చాలా మిగులుతాయి. పాలసీ ఉద్దేశం, సంస్థ విలువలు, సహకార సంస్కృతి లాంటివి అందులోకి వస్తాయి. మా దాంట్లో అలాంటివే దాదాపు ఆరు పేజీలు ఉన్నాయి. వాటిని నిర్భయంగా వదిలేయండి. ఒకే వాక్యానికి రెండు గుర్తులు పడితే దాన్ని రెండు ముక్కలు చేసి, ఏ భాగంలోది ఆ భాగంలో రాయాలి.

"షల్", "మే" అనే మాటలకు తెలుగులో ఏం రాసినా ఒకటే కదా?

కాదు. సారాంశాల్లో నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. పాలసీ భాషలో "షల్" అంటే చేసి తీరాలి. "మే" అంటే చేయొచ్చు, చేయకపోవచ్చు, నిర్ణయం ఆ వ్యక్తిది. "మేనేజర్ మే అప్రూవ్" అన్న దాన్ని "మేనేజర్ అనుమతిస్తారు" అని రాస్తే విచక్షణ కాస్తా హామీ అయిపోయింది. దాన్ని "మేనేజర్ అనుమతించవచ్చు, నిరాకరించవచ్చు" అని రాయండి. రెండు మాటలు పెరిగినా ఫర్వాలేదు.

"సబ్జెక్ట్ టు", "ప్రొవైడెడ్ దట్" అన్న మాటలు ఎక్కడ కనిపించినా వాటి కింద గీత గీయండి. షరతులన్నీ వాటి తర్వాతే ఉంటాయి, వాక్యం మరీ పొడుగైందని మనం కోసేసేది కూడా అక్కడే.

సారాంశం తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

లీడ్‌లు ఏ భాషలో మాట్లాడుకుంటారో ఆ భాషలో. తెలుగులో రాసినా ప్రొబేషన్, అప్రూవల్, అసెట్ ట్యాగ్ లాంటి మాటలను మార్చకండి. పోర్టల్‌లో బటన్ మీద ఉండే పేరే సారాంశంలోనూ ఉండాలి.

## అర్హత

"ప్రొబేషన్ అయినవాళ్లకు వారంలో రెండు రోజులు ఇంటి నుంచి" అని ఒక్క ముక్కలో రాస్తే సరిపోదా?

నేను మొదటిసారి సరిగ్గా అలాగే రాశాను. పాలసీలో అసలు వాక్యం ఇది: ప్రొబేషన్ పూర్తి చేసిన ఉద్యోగి, క్లయింట్ ఒప్పందం అనుమతించే పక్షంలో, వారానికి గరిష్ఠంగా రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయడానికి మేనేజర్ అనుమతి కోరవచ్చు. కుదించే తొందరలో నేను మూడు సంగతులు పోగొట్టాను. క్లయింట్ ఒప్పందం అనే షరతు పోయింది. "గరిష్ఠంగా" పోయి, రెండు రోజులూ హక్కుగా మారాయి. "కోరవచ్చు" పోయి, అడిగే పని కూడా లేకుండా పోయింది.

దాని ఫలితం మూడు వారాల్లో కనిపించింది. ఒక లీడ్ నా సారాంశం చూసి తన టీమ్‌లో ఆరుగురికి సరే అన్నారు. అందులో ఇద్దరు పనిచేసే ప్రాజెక్ట్‌కి ప్రత్యేక ఓడీసీ ఉంది, అంటే ఆ క్లయింట్ పని తాళం వేసిన ఆ గదిలోనే జరగాలని ఒప్పందం. ఆ ఇద్దరినీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. వారిలో ఒకరు సోమవారం, శుక్రవారం ఇంటి నుంచి చేసుకోవచ్చన్న ధీమాతో మాదాపూర్‌లో హాస్టల్ ఖాళీ చేశారు. విజయవాడ నుంచి వారానికోసారి వచ్చి, మధ్యలో మూడు రోజులు బంధువుల ఇంట్లో ఉండి వెళ్లాలని ఆయన లెక్క. తప్పు ఆయనది కాదు, లీడ్‌ది కూడా కాదు.

ఇప్పుడు అదే నియమాన్ని ఇలా రాస్తున్నాను:

*ప్రొబేషన్ పూర్తయి ఉండాలి. క్లయింట్ ఒప్పందంలో అడ్డు లేదని డెలివరీ మేనేజర్ నుంచి మెయిల్ ఉండాలి. ఈ రెండూ ఉంటే వారానికి రెండు రోజుల వరకు అడగవచ్చు. నిరాకరించే అధికారం మేనేజర్‌కి ఉంది. (క్లాజ్ 4.2)*

పాతదానికంటే ఇది మూడు రెట్లు పొడుగు. కానీ ఇది వచ్చాక ఈ నియమం గురించి నాకు మళ్లీ ఫోన్ రాలేదు.

మా టీమ్‌ది రాత్రి షిఫ్ట్. సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. "రెండు రోజులు" ఎలా లెక్కపెట్టాలి?

మంగళవారం సాయంత్రం ఆరున్నరకు లాగిన్ అయి బుధవారం తెల్లవారుజామున మూడున్నరకు లాగౌట్ అయితే అది ఒక రోజా, రెండు రోజులా? మా హాజరు పోర్టల్ తేదీ మారగానే రెండో రోజు కూడా ఇంటి నుంచి చేసినట్టు లెక్కేసేది. అలా ఒక్క షిఫ్ట్‌తోనే వారం కోటా అయిపోయేది. పాలసీలో దీనిమీద ఒక్క మాట కూడా లేదు.

ఇలాంటి ఖాళీ కనిపిస్తే మీ తెలివితో నింపకండి. పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లకు మెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి. మాకు "షిఫ్ట్ మొదలైన తేదీయే లెక్క" అని జవాబు వచ్చింది. ఆ మాటను సారాంశంలో పెట్టి, పక్కన క్లాజ్ నంబర్‌కు బదులు "హెచ్‌ఆర్ వివరణ" అని, మెయిల్ తేదీ రాశాను. ఏది పాలసీ మాటో, ఏది తర్వాత వచ్చిన వివరణో చదివేవాళ్లకు తెలియాలి.

ఇంటి నుంచి అంటే ఏ ఇల్లు? ఊళ్లో అమ్మవాళ్లింటి నుంచి చేసుకోవచ్చా?

పాలసీ "ఇల్లు" అన్న మాటను ఎలా నిర్వచించిందో చూడండి. మా దాంట్లో హెచ్‌ఆర్ రికార్డులో నమోదైన చిరునామా మాత్రమే ఇల్లు. నమోదు చేసుకుంటే నర్సీపట్నం అయినా నల్లగొండ అయినా ఒకటే, రెండో చిరునామాకు కూడా చోటుంది. నమోదు చేయకుండా పండక్కి వెళ్లి అక్కడి నుంచే లాగిన్ అయితే నియమం తప్పినట్టే. సంక్రాంతి, దసరా ముందు వారాల్లో లీడ్‌లను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అందుకే దీన్ని అర్హత భాగంలో రెండో వాక్యంగా పెడతాను. పిలిస్తే ఎంతసేపట్లో ఆఫీసుకు రావాలో పాలసీలో ఉంటే అది కూడా ఇక్కడే చేర్చండి. "24 గంటల్లో ఆఫీసులో ఉండాలి" అన్న షరతు ఉంటే చిరునామా ఎంత దూరమన్నది దానంతట అదే తేలిపోతుంది.

మా క్యాంపస్ సెజ్‌లో ఉంది. దాని గురించి లీడ్‌లకు చెప్పాలా?

చట్టం మొత్తం చెప్పనక్కర్లేదు, దాని ప్రభావం చెబితే చాలు. సెజ్ యూనిట్‌లో పని సెజ్ లోపలే జరగాలన్నది మూల సూత్రం. ఇంటి నుంచి పనిచేయడానికి వీలు కల్పిస్తూ 2022 జూలైలో సెజ్ రూల్స్‌లో 43ఎ అనే నిబంధన చేర్చారు. మొదట మొత్తం ఉద్యోగుల్లో సగం మందికి, ఒక ఏడాదికి అన్న పరిమితి పెట్టి, అదే ఏడాది డిసెంబరులో సడలించారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని యూనిట్లకు సంబంధించిన డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయం విశాఖపట్నం దువ్వాడలో ఉంది. సమాచారం ఇవ్వాల్సింది అక్కడికి.

ఇందులో లీడ్‌కి కావలసింది ఒక్కటే. ఎవరు ఇంటి నుంచి పనిచేస్తున్నారో యూనిట్ దగ్గర జాబితా ఉండాలి. కాబట్టి నోటిమాటగా "రేపు ఇంట్లోనే ఉండు" అనకుండా పోర్టల్‌లో నమోదు చేయించాలి. సారాంశంలో ఆ ఒక్క వాక్యమే రాయండి. కారణం అడిగే లీడ్ ఉంటే ఫోన్‌లో చెప్పండి.

## పరికరాలు

ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లడం గురించి పాలసీలో రెండు పేజీలుంది. లీడ్‌కి నిజంగా కావలసింది ఎంత?

ఎన్‌క్రిప్షన్ ఎలా పనిచేస్తుంది, ప్యాచ్‌లు ఎప్పుడు పడతాయి అన్నది ఐటీ వాళ్ల పని. లీడ్ తన కళ్లతో చూడగలిగేవి, ఆపగలిగేవి మాత్రం ఉంచండి. మా సారాంశంలో మూడే ఉన్నాయి. సంస్థ ఇచ్చిన మెషీన్ మీదే పని చేయాలి, సొంత కంప్యూటర్ వాడకూడదు. అసెట్ ట్యాగ్ నంబర్ ఆ ఉద్యోగి పేరునే ఉండాలి. వీపీఎన్ లేకుండా క్లయింట్ పని తెరవకూడదు. నాలుగోది రాయబోయి మానేశాను. ఎందుకంటే దాన్ని సిస్టమే అడ్డుకుంటుంది, లీడ్ చేయాల్సిందేమీ లేదు.

టీమ్‌లో ఒకరి ల్యాప్‌టాప్ పాడైంది. సెలవులో ఉన్నవాళ్లది తాత్కాలికంగా ఇచ్చేయొచ్చా?

సాయంత్రానికి డెలివరీ ఉంటే లీడ్ చేసే మొదటి పని ఇదే. అందుకే "ఒకరి మెషీన్ ఇంకొకరికి ఇవ్వకూడదు" అన్న మాట సారాంశంలో విడిగా కనపడాలి. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది లాగ్‌ల సంగతి. ఏ మెషీన్ మీద ఎవరు పనిచేశారో రికార్డు ఒక పేరు చూపిస్తుంటే, వాడింది వేరే మనిషి అవుతారు. రేపు ఏదైనా ఫైల్ బయటికి పోతే సెలవులో ఉన్న మనిషి సంజాయిషీ చెప్పుకోవాలి. రెండోది సెజ్ క్యాంపస్‌లకు సంబంధించింది. అక్కడి పరికరాలు సుంకం కట్టకుండా తెచ్చినవి అయి ఉండొచ్చు. వాటిని ఇంటికి తాత్కాలికంగా పంపడానికి వీలుంది, కానీ యూనిట్ ప్రతిదానికీ లెక్క చూపాలి. ఏ సీరియల్ నంబర్ ఎవరి చేతిలో ఉందో రిజిస్టర్‌కి, వాస్తవానికి తేడా వస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పడం కష్టం.

వద్దని రాసి ఊరుకుంటే లీడ్ ఇరుకున పడతారు. దారి కూడా చూపండి. మా దగ్గర ఐటీ డెస్క్‌లో స్పేర్ మెషీన్లు ఉంటాయి. టికెట్ వేసి ఫోన్ చేస్తే అదే రోజు ఇస్తారు. ఆ ఎక్స్‌టెన్షన్ నంబర్‌ను అదే వాక్యంలో పెట్టాను.

ల్యాప్‌టాప్ పోతే ముందు ఎవరికి చెప్పాలి? పోలీసులకా, ఐటీకా?

ముందు ఐటీ సెక్యూరిటీకి, అదీ ఫోన్‌లో. మెషీన్‌ను దూరం నుంచి లాక్ చేయాలన్నా, ఖాతా ఆపాలన్నా చేయగలిగేది వాళ్లే. పోలీసు ఫిర్యాదు తప్పనిసరే, కానీ అది రెండో పని. లీడ్‌కి, హెచ్‌ఆర్‌కి మెయిల్ మూడోది.

ఈ వరుస తారుమారైతే ఏమవుతుందో మా దగ్గర చూశాం. ఒకమ్మాయి రాత్రి బస్సులో విజయవాడ వెళ్తూ బ్యాగ్ పోగొట్టుకుంది. తెల్లవారి ఐదింటికి బస్సు దిగాక చూసుకుంది. పాలసీలో "పోలీసు ఫిర్యాదు ప్రతితో సహా తక్షణమే తెలియజేయాలి" అని ఉంది. పాపం ఆమె దాన్ని అక్షరాలా పాటించింది. ముందు స్టేషన్‌కి వెళ్లింది. బ్యాగ్ ఎక్కడ పోయిందో, అది ఎవరి పరిధో తేలడానికి మధ్యాహ్నమైంది. ఒంటిగంటకు ప్రతి చేతికొచ్చాక ఆఫీసుకు మెయిల్ పెట్టింది. ఎనిమిది గంటలపాటు ఆ ఖాతా తెరిచే ఉంది.

ఇక్కడ ఇంకో గడియారం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీక్, అనధికార ప్రవేశం లాంటి సైబర్ సంఘటనలను సంస్థ గుర్తించిన 6 గంటల్లోగా వాళ్లకు తెలియజేయాలి. పోయిన ప్రతి ల్యాప్‌టాప్ ఆ కోవలోకి రాదు. వస్తుందో రాదో తేల్చాల్సింది సెక్యూరిటీ టీమ్, అది తేల్చడానికి వాళ్లకు సమయం కావాలి.

అలాగని "తక్షణమే" అన్న మాటను "గంటలోగా" అని మనంతట మనం మార్చకూడదు. నేను పాలసీ యజమానిని అడిగాను. తర్వాతి వెర్షన్‌లో "గుర్తించిన వెంటనే ఫోన్, పోలీసు ఫిర్యాదు ప్రతి 48 గంటల్లోగా" అని విడదీశారు.

ఇంటర్నెట్ బిల్లు, కుర్చీ, ఇన్వర్టర్ సంగతి?

ఇస్తారా, ఎంత ఇస్తారు, బిల్లు ఏ పోర్టల్‌లో పెట్టాలి. ఈ మూడూ ఒక్క లైన్‌లో రాయండి. ఇవ్వకపోతే "ఇవ్వరు" అని స్పష్టంగా రాయండి. రాయకపోతే ఇస్తారేమో అనుకుంటారు.

## రిపోర్టింగ్

రోజూ స్టేటస్ మెయిల్ పెట్టించాలని పాలసీలో ఎక్కడా లేదు. కానీ మా లీడ్‌లందరూ అడుగుతున్నారు. సారాంశంలో పెట్టాలా?

పెట్టొచ్చు, కానీ పాలసీ మాటగా పెట్టకూడదు. మా పాలసీ అడిగేవి రెండే. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు అందుబాటులో ఉండాలి, హాజరు పోర్టల్‌లో "రిమోట్" అని ఎంచుకుని నమోదు చేయాలి. రోజువారీ మెయిల్, ఉదయం స్టాండప్, కాల్‌లో కెమెరా ఆన్ చేయడం లాంటివన్నీ ఒక్కో టీమ్ అలవాట్లు.

రిపోర్టింగ్ భాగాన్ని నేను రెండు పెట్టెలుగా చేస్తాను. పైదాని శీర్షిక "పాలసీ చెప్పింది", కిందిది "మీ టీమ్‌లో మీరు పెట్టుకున్నది". కింది పెట్టెను ఖాళీగా వదిలి పంపుతాను, లీడే నింపుకుంటారు. పై పెట్టెలోది పాటించకపోతే హెచ్‌ఆర్ దాకా వెళ్తుంది. కింది పెట్టెలోది పాటించకపోతే లీడ్ మాట్లాడి సర్దుకోవాలి. కెమెరా ఆన్ చేయలేదని ఒకరి మీద "పాలసీ ఉల్లంఘన" అని మెయిల్ రాసిన లీడ్ ఒకరున్నారు. పాలసీలో కెమెరా అన్న మాటే లేదు. ఆ మెయిల్‌ను వెనక్కి తీసుకోవడం ఆయనకు చాలా ఇబ్బందైంది.

కరెంటు పోయింది, నెట్ పోయింది అంటారు. ఎంతసేపు ఆగాలి?

పాలసీలో ఉన్న అంకె రాసి, దాని వెంటే తర్వాతి అడుగు కూడా రాయండి. మా దగ్గర 30 నిమిషాలు దాటితే లీడ్‌కి ఫోన్ లేదా మెసేజ్ చేయాలి. రెండు గంటలు దాటితే ఆఫీసుకు రావాలి, లేదా సగం రోజు సెలవు పెట్టాలి. ఈ రెండింటిలో ఏది అన్నది ఉద్యోగి ఇష్టమా, లీడ్ ఇష్టమా? దీని మీద పెద్ద వాదనే జరిగింది. పాలసీ చదివితే "ఉద్యోగి ఎంచుకోవచ్చు" అనే ఉంది. సారాంశంలో ఆ మాట పోవడం వల్లే గొడవంతా.

నెలలో ఎన్నిసార్లు ఇలా జరిగితే ఇంటి నుంచి పని ఆపేయొచ్చో కూడా పాలసీలో ఉంటే రాయండి. లేకపోతే మీరు సొంతంగా అంకె పెట్టకండి.

"రోజు ముగిసేలోగా తెలియజేయాలి" అని ఉంది. ఏ దేశపు రోజు?

మంచి ప్రశ్న. అమెరికా క్లయింట్‌తో పనిచేసే టీమ్‌కి అక్కడి సాయంత్రం ఐదు అంటే మనకు అర్ధరాత్రి దాటిపోతుంది. "బిజినెస్ డే" అన్నా అదే చిక్కు. ఉగాదికి మనకు సెలవు, వాళ్లకు కాదు. థాంక్స్‌గివింగ్‌కి వాళ్లకు సెలవు, మనకు కాదు. పాలసీ నిర్వచనాల్లో ఏ క్యాలెండర్ అని ఉంటే అదే రాయండి. మా దాంట్లో "ఉద్యోగి పనిచేసే ప్రదేశపు సెలవుల జాబితా" అని ఉంది. సారాంశంలో గడువు ఉన్న ప్రతిచోటా "భారత కాలమానం" అని చేర్చేశాను. చూడ్డానికి అతిగా ఉంటుంది, అయినా ఉంచాను.

## మినహాయింపులు

ఎవరైనా అడిగితే నేను, లీడ్‌గా, ఎంతవరకు సరే అనొచ్చు?

లీడ్‌లు సారాంశం తెరిచేది ముఖ్యంగా ఈ ఒక్క జవాబు కోసమే. అయినా చాలా సారాంశాల్లో "అవసరాన్ని బట్టి మినహాయింపులు ఉంటాయి" అని రాసి వదిలేస్తారు. అలా రాస్తే ఆ భాగం రాయనట్టే లెక్క.

మినహాయింపుకు నాలుగు సంగతులు కావాలి: ఎవరు ఇస్తారు, గరిష్ఠంగా ఎన్ని రోజులు, ఏ ఆధారం చూపాలి, ఎక్కడ నమోదు చేయాలి. మా దగ్గర మామూలు రెండు రోజులకు మించి, మూడు నెలల కాలంలో మొత్తం 5 రోజుల వరకు లీడే ఇవ్వచ్చు. 15 రోజుల వరకు డెలివరీ మేనేజర్. అది దాటితే హెచ్‌ఆర్. అయితే వీటన్నిటి మీదా ఒక గోడ ఉంది. క్లయింట్ ఒప్పందం వద్దన్నచోట ఎవరికీ మినహాయింపు ఇచ్చే అధికారం లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన వాళ్ల నాన్నగారికి మోకాలి ఆపరేషన్, 12 పనిదినాలు ఇంటి నుంచి చేస్తానని అడిగారు. లీడ్ ముందు చూడాల్సింది రోజుల సంఖ్య కాదు, క్లయింట్ ఒప్పందం. అడ్డు లేదు. తర్వాత 12 రోజుల్లో మామూలు కోటా కింద వచ్చేవి తీసేయాలి. 12 పనిదినాలు అంటే రెండు పూర్తి వారాలు, మరో రెండు రోజులు. మామూలు కోటా మొదటి రెండు వారాలకు నాలుగు, మూడో వారానికి రెండు, మొత్తం ఆరు. మిగిలిన ఆరు మినహాయింపు కిందికి వస్తాయి. లీడ్ పరిధి 5. ఒక్క రోజు ఎక్కువైంది కాబట్టి మొత్తం అభ్యర్థన డెలివరీ మేనేజర్‌కి వెళ్లాలి. ఐదు తానిచ్చి ఆరోది పైకి పంపడం కుదరదు, అభ్యర్థనను ముక్కలు చేయకూడదని క్లాజ్‌లోనే ఉంది. ఆ మాట సారాంశంలో లేకపోతే చాలామంది ముక్కలు చేసేస్తారు.

ప్రసూతి సెలవు అయ్యాక ఇంటి నుంచి పని అడిగితే అది కూడా మామూలు మినహాయింపేనా?

కాదు, దీనికి విడిగా ఒక లైన్ ఉండాలి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణలో సెలవును 26 వారాలకు పెంచారు. ఇద్దరు పిల్లలున్న తల్లికి తర్వాతి కాన్పుకు మాత్రం 12 వారాలే. ఆ సవరణలోనే, పని స్వభావం ఇంటి నుంచి చేయదగినదైతే సెలవు తర్వాత కూడా ఇంటి నుంచి పనిచేయడానికి యాజమాన్యం అనుమతించవచ్చని, ఎంత కాలం, ఏ షరతులన్నది ఇద్దరూ మాట్లాడుకోవచ్చని చేర్చారు. ఇది తప్పనిసరి హక్కు కాదు, అలాగని లీడ్ తన కోటాలోంచి ఇచ్చే ఐదు రోజుల వ్యవహారమూ కాదు.

సారాంశంలో ఇలా రాశాను: "ప్రసూతి సెలవు తర్వాతి అభ్యర్థన వస్తే మీరు అవును, కాదు అనకండి. రెండు పనిదినాల్లో హెచ్‌ఆర్‌కి పంపండి." వైకల్యం కారణంగా వచ్చే అభ్యర్థనకు కూడా ఇదే దారి పెట్టాం. డాక్టర్ కాగితాలు లీడ్ అడగకూడదు, అవి నేరుగా హెచ్‌ఆర్‌కే వెళ్తాయి.

అమెరికాలో అక్క దగ్గరికి వెళ్తున్నా, నెల రోజులు అక్కడి నుంచే పనిచేస్తానంటున్నారు. లీడ్ సరే అనొచ్చా?

అనకూడదు. చుట్టం చూపుగా వెళ్లే వీసా మీద అక్కడ కూర్చుని పనిచేయవచ్చా అన్నది మన ఆఫీసు అనుమతితో తేలేది కాదు. దానికి తోడు పన్ను చిక్కులు, డేటా దేశం దాటడం, క్లయింట్ ఒప్పందం కూడా ఉన్నాయి. ఇది రోజుల లెక్క కాదు, దేశం దాటడమే అసలు సంగతి. ఒక్క రోజుకైనా లీడ్‌కి అధికారం లేదని రాయండి. సెలవు పెట్టి వెళ్లేవాళ్లు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లొచ్చా అన్నది కూడా ఆ పక్కనే రాస్తే మంచిది. మా దగ్గర తీసుకెళ్లకూడదు, ఐటీ డెస్క్‌లో ఇచ్చి వెళ్లాలి.

ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వలేదంటే ఏం చెప్పాలి?

ఇచ్చినప్పుడే కారణం, క్లాజ్ నంబర్, ఎన్ని రోజులు అన్నది ఒక షీట్‌లో రాసుకుంటే చెప్పడం తేలిక. వ్యక్తిగత వైద్య వివరాలు మాత్రం అందులో రాయకూడదు, "కుటుంబ వైద్య అవసరం" అంటే చాలు. సారాంశం చివర ఆ షీట్ లింక్ పెట్టాను. దాన్ని చూస్తుంటే మరో సంగతి కూడా బయటపడింది. ఒకే టీమ్‌లో నలుగురు ప్రతి బుధవారం ఏదో ఒక కారణం చెప్పి మినహాయింపు తీసుకుంటున్నారు. విచారిస్తే బుధవారాలు తెల్లవారుజామున రిలీజ్ ఉంటోందని తేలింది. అది మినహాయింపుతో కాదు, టీమ్ రోస్టర్ మారిస్తే తీరే సమస్య.

## పంపేముందు, పంపాక

సారాంశం సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పాలసీ ఎప్పుడూ చదవని ఒక లీడ్‌ని పట్టుకోండి. రెండు పేజీలు ఇచ్చి ఐదు సందర్భాలు చెప్పండి. ఓడీసీలో పనిచేసే అమ్మాయి శుక్రవారం ఇంటి నుంచి అడిగింది. ట్రైనీ అడిగాడు. రాత్రి షిఫ్ట్ వ్యక్తి మూడో రోజు అడిగారు. మెషీన్ పాడైంది. అన్న పెళ్లికి దుబాయ్ వెళ్తూ అక్కడి నుంచే పని అన్నారు. ఆ లీడ్ జవాబులు రాసుకుని, మీరు పాలసీ తెరిచి పోల్చండి. తేడా వచ్చిందంటే తప్పు సారాంశానిదే. "అది అక్కడ రాసే ఉంది కదా" అని వాదించకండి, కనపడేలా మార్చండి.

మొదటిసారి నాకు ఐదింటిలో మూడు తేడా వచ్చాయి. ట్రైనీ విషయంలో నేను "ఉద్యోగులు" అనే మాట వాడాను, నిర్వచనం రాయలేదు.

పాలసీ మారితే సారాంశం సంగతేంటి?

పేజీ పైన మూడు సంగతులు ఉండాలి. ఏ వెర్షన్ పాలసీ నుంచి రాశారు, అది ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చింది, తేడా వస్తే పాలసీ మాటే చెల్లుతుందన్న ఒక లైన్. ప్రతి నియమం పక్కన క్లాజ్ నంబర్ ఉంటే పాలసీ మారినప్పుడు మారిన క్లాజ్‌లను మాత్రమే సరిచూసుకోవచ్చు. నాకు ఆ పని గంటన్నరలో అయిపోతుంది. నంబర్లు లేని పాత సారాంశానికి రెండు రోజులు పట్టింది.

పీడీఎఫ్‌గా వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అది ఫార్వర్డ్ అవుతూ ఎక్కడెక్కడికో పోతుంది, పాతది ఎప్పటికీ చావదు. లింక్ ఇవ్వండి, లోపల పేజీ మారుతుంది. మా పాత పీడీఎఫ్, అదే "ప్రొబేషన్ అయినవాళ్లకు రెండు రోజులు" అన్నది, మొన్న కొత్తగా చేరిన ఒక లీడ్ ఫోన్‌లో ఇంకా కనిపించింది.